ముందు ఎన్నో వారమో చెప్పండి

మా చెల్లిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి, తనకు బట్టలు తెద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. బీరువాలో మడతపెట్టిన బట్టల కింద చెయ్యి పెడితే మందుల స్ట్రిప్పులు తగిలాయి. సెఫాలెక్సిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్స్, 500 మిల్లీగ్రాములవి. అక్కడే నిలబడి లెక్కపెట్టాను. రోజుకు నాలుగు చొప్పున ఏడు రోజులకు ఇరవై ఎనిమిది ఇచ్చి ఉంటారు. ఎనిమిదే వాడింది. మిగతా ఇరవై ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మందు రాసింది గర్భం పదో వారంలో. ఆ రాత్రికి తనకు పంతొమ్మిదో వారం నడుస్తోంది.

నేను ఫార్మసిస్టుని. పదిహేనేళ్ళుగా మందుల చీటీలే చదువుతున్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు చీటీ చేతికిచ్చి "ఇది సేఫేనా అండీ?" అని అడగని రోజు లేదు. అలాంటిది సొంత చెల్లెలు నన్ను ఒక్క మాట అడగలేదు. జ్వరం తగ్గాక "ఎందుకు అడగలేదే?" అంటే, "నువ్వు వేసుకోమంటావని తెలుసక్కా, అందుకే అడగలేదు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

గర్భంలో వాడదగ్గ యాంటీబయాటిక్స్ ఇవి, వాడకూడనివి అవి అని రెండు వరుసలుగా రాసిన పట్టికలు ఫోనులో కావలసినన్ని దొరుకుతాయి. అవన్నీ తప్పని నేను అనను. కానీ ఆ రెండు వరుసల పద్ధతిలోనే ఒక లోపం ఉంది. మందుకు మంచి, చెడు అనే ముద్ర వేసి వదిలేస్తారు. అది ఎన్నో వారంలో, ఏ జబ్బుకు, ఏ మందుకు బదులుగా ఇస్తున్నారో ఆ పట్టికలో ఉండదు. వేసుకోకపోతే ఏమవుతుందో అసలే ఉండదు. మా చెల్లి కథలో ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

పదో వారంలో తనకు ఏ బాధా లేదు. మంట లేదు, జ్వరం లేదు. మామూలుగా చేసే పరీక్షల్లో భాగంగా మూత్రం కల్చర్, అంటే అందులో ఏ బ్యాక్టీరియా ఎంత పెరుగుతుందో చూసే పరీక్ష, చేశారు. ఒక మిల్లీలీటరులో లక్షకు పైగా ఈ.కోలై బ్యాక్టీరియా ఉన్నట్టు వచ్చింది. ఇలా లక్షణాలేవీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం కొద్దిమంది గర్భిణుల్లో కనిపిస్తుంది. మామూలు మనిషికైతే చాలాసార్లు దీనికి మందే ఇవ్వరు, వదిలేస్తారు. గర్భిణికి మాత్రం ఇస్తారు. కారణం శరీరంలోనే ఉంది. ప్రొజెస్టిరాన్ హార్మోను వల్ల కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టాలు వదులవుతాయి. పెరిగే గర్భసంచి వాటిని, ముఖ్యంగా కుడివైపు దాన్ని, నొక్కుతుంది. మూత్రం గబగబా దిగకుండా నిలుస్తుంది. నిలిచిన నీళ్ళలో బ్యాక్టీరియా పైకి పాకి కిడ్నీ దాకా చేరడం తేలికవుతుంది.

వైద్యం చేయకపోతే అలాంటివాళ్ళలో నూటికి ఇరవై, ముప్పై మందికి కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వస్తుందని పాత అధ్యయనాలు లెక్క కట్టాయి. 2015లో నెదర్లాండ్స్‌లో, వేరే ఏ సమస్యా లేని ఆరోగ్యవంతులైన గర్భిణుల్లో చేసిన అధ్యయనంలో ఈ సంఖ్య చాలా తక్కువగా, నూటికి రెండు మూడు దగ్గర తేలింది. కానీ మూత్రంలో బ్యాక్టీరియా లేనివాళ్ళతో పోలిస్తే అదీ ఎక్కువే. కాబట్టి వేసుకోకపోతే తప్పకుండా కిడ్నీకి పాకుతుందని భయపెట్టను. పాకినప్పుడు ఎలా ఉంటుందో మాత్రం చెబుతాను, ఎందుకంటే నేను పక్కన కూర్చుని చూశాను.

సాయంత్రం చలి మొదలైంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. తర్వాత జ్వరం 103 దాటింది. కుడి డొక్క వెనక, పక్కటెముకల కింద చెయ్యి వేస్తే అరిచింది. మంచినీళ్ళు తాగినా వాంతి. ఇవన్నీ కిడ్నీ ఇన్‌ఫెక్షన్ గుర్తులు. గర్భిణికి ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగే పని కాదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే తల్లి బీపీ పడిపోవచ్చు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఊపిరి అందకపోవచ్చు, నెలలు నిండకుండానే నొప్పులు మొదలుకావచ్చు. అదృష్టవశాత్తూ మా చెల్లికి అంతదాకా రాలేదు. సెలైన్‌తో పాటు సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్ రోజూ నరంలోకి ఇచ్చారు. రెండో రోజు రాత్రికి జ్వరం దిగింది. తర్వాత నోటి మాత్రలకు మార్చి, మొత్తం పద్నాలుగు రోజులు పూర్తి చేయించారు. ఆ నోటి మాత్రలు ఏవనుకున్నారు? అదే సెఫాలెక్సిన్. బీరువాలో దాచినదే.

మరి ఎందుకు ఆపింది? తను చెప్పిన కారణాలు రెండు. ఒకటి, ఏ బాధా లేనప్పుడు మందెందుకు అనుకుంది. రెండోది, ఎవరో పంపిన జాబితాలో "మొదటి మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ వద్దు" అన్న ముక్క చదివింది. యాంటీబయాటిక్స్ అంటే అన్నీ ఒకటే అన్నట్టు. పెనిసిలిన్‌కీ టెట్రాసైక్లిన్‌కీ ఉన్న సంబంధం, రెండూ బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయన్నంత వరకే. దెబ్బ ఎక్కడ కొడతాయన్నది పూర్తిగా వేరు. కడుపులో బిడ్డ సంగతి తేల్చేది ఎక్కువగా ఆ తేడానే.

బ్యాక్టీరియా చుట్టూ ఒక గట్టి గోడ ఉంటుంది. మన కణాలకు ఆ గోడ లేదు, బిడ్డ కణాలకూ లేదు. పెనిసిలిన్, యాంపిసిలిన్, అమాక్సిసిలిన్, సెఫాలెక్సిన్, సెఫ్యూరాక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్ ఇవన్నీ ఆ గోడ కట్టే పనినే ఆపుతాయి. మాయ దాటి బిడ్డ దగ్గరకు వెళ్తాయి, నిజమే, కానీ అక్కడ పగలగొట్టడానికి వాటికి గోడే ఉండదు. దీనికి తోడు దశాబ్దాలుగా లక్షలమంది గర్భిణులు వాడిన అనుభవం ఉంది. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా గర్భిణికి యాంటీబయాటిక్ అవసరమైతే డాక్టర్ చెయ్యి ముందు ఈ కుటుంబం మీదికే వెళ్తుంది. పదో వారంలో మా చెల్లికి రాసింది ఈ కుటుంబం మందే. నన్ను అడిగి ఉంటే ఈ నాలుగు ముక్కలే చెప్పేదాన్ని.

ఆసుపత్రిలో తన మంచం పక్కన కూర్చుని పదో వారం కల్చర్ రిపోర్టు మళ్ళీ తీశాను. చెల్లి కూడా చూసింది. యాంపిసిలిన్ ఎదురుగా ఆర్ అని ఉంది, అంటే ఆ బ్యాక్టీరియా దానికి లొంగదు. సెఫాలెక్సిన్ పనిచేస్తుంది. నైట్రోఫ్యూరాంటోయిన్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ అన్నిటి ఎదురుగా ఎస్ అనే ఉంది. "ఇన్ని పనిచేస్తాయి కదక్కా, మరి వీటిలో బలమైనది ఇవ్వచ్చు కదా" అంది. చాలామంది అడిగే ప్రశ్నే ఇది. ల్యాబులో గాజు పళ్ళెంలో బ్యాక్టీరియాకూ మందుకూ పోటీ పెడతారు. ఆ పళ్ళేనికి గర్భం ఉండదు. కాబట్టి ఆ రిపోర్టులో ఎస్ అంటే ఈ మందు ఈ బ్యాక్టీరియాను ఆపుతుందని మాత్రమే. ఈ తల్లికి, ఈ వారంలో ఇవ్వచ్చని కాదు. ఎస్ పక్కన అంకె చిన్నదిగా ఉన్న మందు ఎక్కువ బలమైనదని కూడా కాదు, ఒక్కో మందు కొలత ఒక్కో రకం. రిపోర్టు పట్టుకుని సొంతంగా మందు కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు గుండె దడ పుట్టేది ఇక్కడే.

ఆ వరుసలో కోట్రైమాక్సజోల్ సంగతి చూడండి. అది రెండు మందుల జత. ట్రైమెథోప్రిమ్ ఒకటి, సల్ఫామెథాక్సజోల్ ఇంకొకటి. మొదటి మూడు నెలల్లో భయం మొదటిదానితో. అది ఫోలేటు, అంటే ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్, చేసే పనిని అడ్డుకుంటుంది. గర్భం రాగానే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎందుకిస్తారు? బిడ్డ వెన్నుపాము గొట్టం సరిగ్గా మూసుకోవడానికి. ఆ మూసుకోవడం చివరి నెలసరి నుంచి లెక్కేస్తే సుమారు ఆరో వారానికల్లా అయిపోతుంది. ఒక చేత్తో ఫోలిక్ యాసిడ్ ఇచ్చి ఇంకో చేత్తో దాన్ని అడ్డుకునే మందు ఇవ్వడం ఎవరూ కోరుకోరు. వెన్నుపాము మూసుకున్నాక కూడా గుండె, అంగిలి ఏర్పడే పని సాగుతూనే ఉంటుంది కాబట్టి మొదటి మూడు నెలలూ దూరంగానే ఉంచుతారు.

చివరి వారాల్లో భయం జతలో రెండో మందుతో. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ రక్తంలోని పసుపు పదార్థాన్ని, అంటే బిలిరుబిన్‌ను, మాయ ద్వారా తల్లి శరీరమే తీసేస్తుంది. బొడ్డుతాడు కోయగానే ఆ పని బిడ్డ కాలేయం మీద పడుతుంది. దానికి ఇంకా పని చేతకాదు. ఆ కొద్ది రోజులు బిలిరుబిన్ రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది. సల్ఫా మందు వచ్చి ఆ చోటు ఆక్రమిస్తే బిలిరుబిన్ విడిపడి మెదడులోకి చేరవచ్చు. 1956లో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇన్‌ఫెక్షన్ రాకుండా సల్ఫా మందు ఇచ్చి చూసిన అధ్యయనంలో ఆ గుంపులోనే మరణాలు, మెదడు దెబ్బతినడం ఎక్కువగా తేలాయి. అంటే ఒకే బిళ్ళ. మొదట్లో ఒక కారణంగా వద్దు, చివర్లో పూర్తిగా వేరే కారణంగా వద్దు. మధ్యలో మూడు నెలలు, వేరే దారి లేనప్పుడు ఇవ్వచ్చు. దీన్ని రెండు వరుసల పట్టికలో ఏ వైపు పెడతారు?

నైట్రోఫ్యూరాంటోయిన్ ఇంకా చక్కని ఉదాహరణ, మా చెల్లి దాన్ని నెలల తరబడి వాడింది కూడా. ఒకసారి కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వచ్చిన గర్భిణికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, అసలు కోర్సు అయ్యాక కాన్పుదాకా రోజుకొక చిన్న మోతాదు కొనసాగిస్తారు. తనకు రాత్రి భోజనం తర్వాత 100 మిల్లీగ్రాముల నైట్రోఫ్యూరాంటోయిన్ రాశారు. ఈసారి స్ట్రిప్పు దాచలేదు. నా ముందు పెట్టి, "ఇది మొదటి మూడు నెలల్లో వద్దని ఉంది, ఇప్పుడు ఎందుకు మంచిదైంది?" అని గట్టిగా అడిగింది. నాకు ఎంత సంతోషం వేసిందో.

మొదటి మూడు నెలల్లో వాడినవాళ్ళ పిల్లల్లో కొన్ని లోపాలు కొంచెం ఎక్కువగా ఉండవచ్చని కొన్ని అధ్యయనాలు చూపాయి, అలాంటిదేమీ లేదని మరికొన్ని చూపాయి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మధ్యే మార్గం పట్టింది. ఆ మూడు నెలల్లో వేరే తగిన మందు ఉంటే అదే వాడండి, లేకపోతే దీన్ని వాడటానికి వెనకాడొద్దు అంది. నాలుగో నెల నుంచి ఆ సందేహం కూడా లేదు. పైగా ఈ మందు రక్తంలో పెద్దగా నిలవదు, మూత్రంలోకి దిగి అక్కడ పోగవుతుంది. మూత్రాశయంలోని బ్యాక్టీరియాకు ఇంతకన్నా గురి చూసి కొట్టే మందు ఏముంటుంది! అదే గుణం దాని పరిమితి కూడా. కిడ్నీ కండలోకి చాలినంత చేరదు కాబట్టి చలిజ్వరం, డొక్కనొప్పి ఉన్న రోజున అది పనికిరాదు. ఆ రాత్రి డాక్టర్ గారు ఇంజెక్షన్ పెట్టి, ఈ మాత్ర పెట్టకపోవడానికి కారణం అదే.

ఇంకో పరిమితి చివర్లో వస్తుంది. ఎర్ర రక్తకణాలకు ఈ మందు కలిగించే ఒత్తిడిని తట్టుకునే శక్తి కావాలి. అప్పుడే పుట్టిన బిడ్డ కణాలకు ఆ శక్తి పూర్తిగా రాదు, కణాలు పగిలి రక్తం తగ్గే ప్రమాదం ఉంటుంది. అందుకే ముప్పై ఎనిమిదో వారం నుంచి, నొప్పులు మొదలయ్యే రోజుల్లో, దీన్ని ఇవ్వరు. తల్లికి జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటే ఏ వారంలోనూ ఇవ్వరు, ఎందుకంటే అప్పుడు పగిలేది తల్లి రక్తకణాలే. మా చెల్లికి ఆ పరీక్ష చేశాకే మొదలుపెట్టారు. ముప్పై ఆరో వారం నిండగానే ఆపి, రాత్రిపూట సెఫాలెక్సిన్ 250కి మార్చారు.

ఇలా వారాలను బట్టి చూస్తే మిగతా పేర్లు కూడా వాటంతట అవే అర్థమవుతాయి. టెట్రాసైక్లిన్ కాల్షియంను గట్టిగా పట్టుకుంటుంది. బిడ్డ పాలపళ్ళలో కాల్షియం చేరడం నాలుగో నెల నుంచి మొదలవుతుంది. అప్పటి నుంచి ఆ మందు పడితే పంటిలో శాశ్వతంగా చిక్కుకుపోయి, పళ్ళు పచ్చగా వచ్చి తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి. 1960ల్లో కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కు దీన్ని పెద్ద మోతాదులో నరంలోకి ఇచ్చిన గర్భిణులు కాలేయం పాడై చనిపోయారు కూడా. డాక్సీసైక్లిన్ ఈ కుటుంబంలోదే. దాని చెడ్డపేరులో చాలా భాగం పాత టెట్రాసైక్లిన్ నుంచి వచ్చిందే అయినా, వేరే మందు ఉన్నంతవరకు పక్కన పెడతారు. స్ట్రెప్టోమైసిన్ అయితే అనుమానం కాదు, జరిగిన సంగతి. క్షయకు దాన్ని వాడిన తల్లుల పిల్లల్లో కొందరు వినికిడి లేకుండా పుట్టారు. దాని బంధువైన జెంటామైసిన్‌ను మాత్రం తల్లి ప్రాణం మీదికి వచ్చే ఇన్‌ఫెక్షన్‌లో కొద్దిరోజులు ఇస్తారు, అప్పుడు ఇవ్వడమే సరైనది.

సిప్రోఫ్లాక్సాసిన్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. రిపోర్టు చూస్తూ చూస్తూ చెల్లి ఉన్నట్టుండి ఏడ్చేసింది. గర్భం అని తెలియకముందు, నెలసరి నాలుగైదు రోజులు ఆలస్యమైన సమయంలో, విరేచనాలకు మూడు రోజులు సిప్రో వేసుకుందట. మూడు నెలలకు పైగా ఆ భయాన్ని ఎవరికీ చెప్పకుండా మోస్తోంది. సెఫాలెక్సిన్ ఆపేయడానికి అసలు కారణం అదే అని నాకు అప్పుడు అర్థమైంది. ఒక తప్పు చేశాను, ఇంకోటి చేయను అనుకుంది.

ఈ కుటుంబం మందుల మీద నిషేధం ప్రధానంగా జంతువుల నుంచి వచ్చింది. కుక్కపిల్లలకు ఇచ్చినప్పుడు కీళ్ళలోని మెత్తటి ఎముక దెబ్బతింది. మనుషుల్లో, గర్భం మొదట్లో తెలియక వాడిన తల్లులను లెక్క తీస్తే, పిల్లల్లో లోపాలు మామూలుకన్నా స్పష్టంగా పెరిగినట్టు కనబడలేదు. ఏ మందూ వాడని తల్లుల పిల్లల్లో కూడా నూటికి ముగ్గురికి ఏదో ఒక పుట్టుకలోపం ఉంటుంది, ఆ లెక్క దాదాపు అలాగే ఉంది. అయినా వద్దంటారు, ఎందుకంటే అదే పని చేసే భద్రమైన మందులు చేతిలో ఉన్నాయి. "వాడవద్దు" అన్న మాటకూ "వాడితే బిడ్డ పాడైనట్టే" అన్న మాటకూ మధ్య ఎంతో దూరం ఉంది. తెలియక నాలుగు మాత్రలు పడ్డాయని గర్భం తీయించుకుందామని వచ్చినవాళ్ళు నాకు తెలుసు. సిప్రో, డాక్సీ లాంటివి తెలియక వాడటం గర్భం తీయించుకోవడానికి కారణం కాదు. డాక్టర్‌కు ఏ మందు, ఏ తేదీన, ఎన్ని అని చెప్పండి. అయిదో నెలలో చేసే వివరమైన స్కానింగ్ చూసుకోండి. చెల్లి అదే చేసింది. స్కానింగ్ బాగుంది.

భయంతో మందు ఆపేసేవాళ్ళు కొందరైతే, సగం చేసేవాళ్ళు ఇంకొందరు. బిడ్డకు తక్కువ వెళ్తుందని నాలుగు పూటలది రెండు పూటలు వేసుకుంటారు. ఇది రెండు విధాలా నష్టం. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, కిడ్నీలు వడకట్టే వేగం కూడా దాదాపు సగం పెరుగుతుంది. అంటే అదే మోతాదు మామూలుకన్నా పలచబడి, ఇంకా తొందరగా బయటికి పోతుంది. పెనిసిలిన్ కుటుంబం మందులు గంటల తరబడి ఒక స్థాయికి పైన నిలిస్తేనే పనిచేస్తాయి. సగం చేస్తే బిడ్డకు మందు వెళ్ళనే వెళ్తుంది, బ్యాక్టీరియా మాత్రం చావదు, పైగా ఆ మందుకు లొంగని రకం మిగులుతుంది. తర్వాత ఇవ్వడానికి భద్రమైన మందులు ఒక్కొక్కటే తగ్గిపోతాయి.

భద్రమైన మందును దూరం చేసే ఇంకో మాట "నాకు పెనిసిలిన్ పడదండీ". నా దగ్గరకు వచ్చిన ఒకావిడ చీటీ మీద పెద్ద అక్షరాలతో ఆ మాట రాసి ఉంది. ఏమైందమ్మా అని అడిగితే, చిన్నప్పుడు సిరప్ తాగితే రెండు రోజులు విరేచనాలయ్యాయట. అది ఎలర్జీ కాదు, ఆ మందుకు ఉన్న మామూలు గుణం. పెనిసిలిన్ పడదని చెప్పేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా, పరీక్షిస్తే, ఎలర్జీ ఉండదు. గంటలోపు దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం లాంటివి వచ్చి ఉంటే అది వేరు, దాన్ని తప్పకుండా చెప్పాలి. మిగతావాళ్ళు డాక్టర్‌తో కూర్చుని అసలు ఏం జరిగిందో వివరంగా చెప్పి, అవసరమైతే పరీక్ష చేయించుకోవడం మంచిది. సిఫిలిస్ ఉన్న గర్భిణికి పెనిసిలిన్ తప్ప బిడ్డను కాపాడుతుందని నమ్మకంగా చెప్పగల మందు ఇంకోటి లేదు. నిజంగా ఎలర్జీ ఉన్నా సరే, ఆసుపత్రిలో ఉంచి, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి గంటల్లో పెంచుకుంటూ శరీరానికి అలవాటు చేసి మరీ పెనిసిలినే ఇస్తారు.

భద్రమైన మందు కదా అని అవసరం లేకుండా ఇవ్వచ్చా? ఇక్కడ నేను నా వృత్తివాళ్ళతో కూడా వాదిస్తాను. జలుబుకు, వైరస్ జ్వరానికి "గర్భిణికి పరవాలేదు" అంటూ అమాక్సిసిలిన్ రాసే అలవాటు ఇంకా ఉంది. 2001లో ఆరకిల్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయిన తల్లులకు అమాక్సిసిలిన్, క్లావులనేట్ జత ఇస్తే, పుట్టిన పిల్లల్లో పేగు కుళ్ళే జబ్బు ఎక్కువగా కనిపించింది. ఎరిత్రోమైసిన్ ఇచ్చినవాళ్ళలో ఆ నష్టం లేదు, మేలు కనిపించింది. అదే అధ్యయనంలో రెండో భాగం ఉంది. ఉమ్మనీరు పోకుండా, ఇన్‌ఫెక్షన్ గుర్తులు లేకుండా, ముందుగా నొప్పులు వచ్చిన తల్లులు వాళ్ళు. వాళ్ళకు యాంటీబయాటిక్స్ వల్ల ఏ మేలూ జరగలేదు. ఏడేళ్ళ తర్వాత ఆ పిల్లలను మళ్ళీ చూస్తే, మందు తీసుకున్న తల్లుల పిల్లల్లో, మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాని సెరిబ్రల్ పాల్సీ కొంచెం ఎక్కువగా ఉందని 2008లో తేలింది. పేరుకు అన్నీ "సేఫ్" జాబితాలో ఉన్న మందులే. ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట ప్రాణం కాపాడేవే.

పాత అలవాటుగా "ఇది కేటగిరీ బి, పరవాలేదు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా మందుల సంస్థ 1979లో ఆ ఏ, బి, సి, డి, ఎక్స్ అక్షరాలు పెట్టింది. అక్షరం చూసి జనం మార్కుల్లా చదువుతున్నారని, వారం, మోతాదు, జబ్బు అన్నీ అందులో కలిసిపోతున్నాయని, 2015 నుంచి వాటిని తీసేసి వివరంగా రాయమంది. కానీ ఫోనులో తిరిగే పట్టికల్లో ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. నైట్రోఫ్యూరాంటోయిన్‌కు బి అనే ఉంటుంది. మా చెల్లి ముప్పై తొమ్మిదో వారంలో ఆ అక్షరం నమ్మి మిగిలిపోయిన స్ట్రిప్పు వాడి ఉంటే?

తను వాడలేదు. ముప్పై ఏడో వారంలో మళ్ళీ కొంచెం మంట అనిపించింది. అప్పటికి సెఫాలెక్సిన్ రాత్రిపూట వేసుకుంటూనే ఉంది. నాకు ఫోను చేసి, "అక్కా, ముప్పై ఏడు వారాల రెండు రోజులు. మంట ఉంది, జ్వరం లేదు, డొక్కనొప్పి లేదు. నైట్రోఫ్యూరాంటోయిన్ ఇంట్లో ఆరు ఉన్నాయి, వేసుకోను. జీ6పీడీ మామూలే. ఇప్పుడే డాక్టర్ గారి దగ్గరకు వెళ్తున్నా, కల్చర్ ఇస్తాను" అంది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. డాక్టర్ గారు కొత్త మందేమీ రాయకుండా పంపించారు. దారిలో నా దగ్గర ఆగి, ఆ ఆరు మాత్రలూ కౌంటరు మీద పెట్టి, పారేయమని చెప్పి వెళ్ళింది.